కౌన్సిల్ సమావేశంలో వాననీటి కాలువ వ్యయం, గడువు గురించి చదవబోయే వివరణ: మీ సలహాలు కావాలి

గెడ్డగట్టు ఏఈ

సభ్యులందరికీ నమస్కారం. విజయనగరం జిల్లాలోని ఒక పురపాలక సంఘంలో సహాయ ఇంజనీరుగా పనిచేస్తున్నాను. బజారు పల్లంలో నీరు నిలవకుండా గెడ్డలోకి, అంటే ఊరి పక్క వాగులోకి పంపడానికి ప్రతిపాదించిన వాననీటి కాలువ గురించి ఈ ఆగస్టు నెలాఖరు కౌన్సిల్ సమావేశంలో నేనే వివరించాలి. నాకు ఇచ్చిన సమయం పదిహేను నిమిషాలు. చదవబోయే ప్రతిలోని ముఖ్యభాగాన్ని కింద పెడుతున్నాను.

"గౌరవనీయులైన అధ్యక్షులకు, కౌన్సిల్ సభ్యులకు నమస్కారం. బజారు కూడలి నుంచి ఊరికి తూర్పున ఉన్న గెడ్డ వరకు 900 మీటర్ల పొడవున కొత్త వాననీటి కాలువను ప్రతిపాదిస్తున్నాం. బజారు పల్లానికి 48 హెక్టార్ల నుంచి నీరు దిగుతుంది. గంటకు 60 మిల్లీమీటర్ల చొప్పున వాన పడి, అందులో నూటికి 65 వంతులు ఇంకకుండా పారితే సెకనుకు 5.2 ఘనపు మీటర్ల నీరు వస్తుంది. ఇప్పుడున్న రాతికట్టు కాలువ 90 సెంటీమీటర్ల వెడల్పు, అంతే లోతు ఉంది. 800 మీటర్లకు ఒక మీటరు వాలులో అది సెకనుకు 0.64 ఘనపు మీటర్లకు మించి మోయలేదు. కొత్త కాలువ లోపలి వెడల్పు 2.2 మీటర్లు, లోతు 1.7 మీటర్లు. అందులో 1.4 మీటర్ల ఎత్తు వరకు నీరు పారితే మనకు కావలసిన 5.2 ఘనపు మీటర్లు వెళ్లిపోతాయి. మీటరుకు 36 వేల రూపాయల చొప్పున నిర్మాణ వ్యయం 3 కోట్ల 24 లక్షల రూపాయలు. రోజుకు 15 మీటర్ల చొప్పున రెండు నెలల్లో పని పూర్తవుతుంది."

నాకు రెండు సందేహాలు ఉన్నాయి. పన్నులు, విద్యుత్ స్తంభాల తరలింపు వంటివి విడిగా అడగడం మేలా, లేక ఒకే మొత్తంగా చెప్పడం మేలా? అంచనా పత్రంలో ఉన్న రోజుకు 15 మీటర్ల వేగం మా బజారు వీధిలో నిలబడుతుందా? అనుభవజ్ఞులు చెప్పగలరు.

విశ్రాంత ఈఈ

ఏఈ గారూ, నీటి లెక్క సరిగానే ఉంది. పట్టణాల వాననీటి పారుదలపై 2019లో కేంద్రం విడుదల చేసిన మాన్యువల్ మహానగరాల నడిబొడ్డుకు అయిదేళ్లకొకసారి వచ్చే వానను, మిగతా పట్టణాల నడిబొడ్డుకు రెండేళ్లకొకసారి వచ్చే వానను ప్రమాణంగా తీసుకోమంటుంది. మీ 60 మిల్లీమీటర్లను ఆ రెండేళ్ల వాన ప్రకారమే తీసుకుని ఉంటారు.

అయితే మీ ప్రతి బజారు దగ్గర మొదలై గెడ్డ దగ్గర ఆగిపోయింది. కాలువ ఎంత నీరు మోస్తుందనే ప్రశ్నకు మీరు సమాధానం చెప్పారు, ఆ నీటిని గెడ్డ తీసుకుంటుందా అనే ప్రశ్నను తాకలేదు. 900 మీటర్లకు మీకున్న మొత్తం వాలు 112 సెంటీమీటర్లు మాత్రమే. వాన గట్టిగా పడే వేళకు గెడ్డ కూడా నిండుతుంది. అప్పుడు గెడ్డలో నీటిమట్టం, మీ కాలువ చివర నీటిమట్టంతో పోల్చితే ఎంత ఎత్తున ఉంటుంది? ఈ ఒక్క కొలత తెలియకుండా వ్యయం గురించిగానీ గడువు గురించిగానీ నేను సలహా ఇవ్వలేను. గెడ్డ మీద ఎక్కడైనా కల్వర్టు ఉంటే దాని గోడల మీద పాత వరద గీతలు దొరుకుతాయి, చూడండి.

గెడ్డగట్టు ఏఈ

సార్, మా కాలువ కలిసే చోటుకు 60 మీటర్ల దిగువన పాత రాతి కల్వర్టు ఒకటి ఉంది. నిన్న ఉదయం లెవెల్ పరికరం తీసుకువెళ్లి చూశాను. ఎగువ వైపు గోడ మీద ఎండిన గుర్రపుడెక్క వేళ్లు, ప్లాస్టిక్ ముక్కలు రాతి సందుల్లో ఒకే మట్టంలో ఇరుక్కుని ఉన్నాయి. పక్కన పశువుల శాల ఉన్న పెద్దాయన కూడా నిరుడు నీరు అంతవరకే వచ్చిందని అదే గీతను చూపించారు. ఆ గీత మా కాలువ చివర ఉండాల్సిన నీటిమట్టం కంటే 50 సెంటీమీటర్లు ఎత్తున ఉంది. కల్వర్టు దిగువ వైపు గోడ మీద గీత మాత్రం ఎగువ గీత కంటే 35 సెంటీమీటర్లు కిందనే ఉంది.

విశ్రాంత ఈఈ

మీరు రెండు వైపులా కొలవడం చాలా మంచి పని, ఎందుకంటే అసలు విషయం ఆ 35 సెంటీమీటర్లలోనే ఉంది.

ముందు 50 సెంటీమీటర్ల సంగతి చూద్దాం. మీ వాలు 800కు ఒకటి. కాలువ చివర నీరు 50 సెంటీమీటర్లు ఎత్తుగా నిలిస్తే, ఆ ప్రభావం వెనక్కి కనీసం 400 మీటర్ల వరకు పాకుతుంది. అంటే గెడ్డ వరదలో ఉన్నప్పుడు మీ కాలువలో దాదాపు సగం పొడవు అనుకున్న వేగంతో పారదు. మూడు కోట్లు ఖర్చుపెట్టి కట్టిన కాలువ మొదటి పెద్ద వానకే నిండుగా కదలకుండా కనిపిస్తే, కాంక్రీటు నాసిరకమని జనం అంటారు. మీ కాంక్రీటు బాగున్నా ఆ మాట పడక తప్పదు.

ఇక 35 సెంటీమీటర్లు. కల్వర్టుకు అటూ ఇటూ నీటిమట్టంలో అంత తేడా ఉందంటే గెడ్డకు అడ్డం పడుతున్నది ఆ కల్వర్టే. దాని నీటిదారిని వెడల్పు చేసి, దిగువన పూడిక తీస్తే ఆ 35 సెంటీమీటర్లలో ఎక్కువ భాగం దిగుతుంది. అది పూర్తిగా దిగితే మొత్తం 50లో మిగిలే 15 సెంటీమీటర్ల ప్రభావం 120 మీటర్ల వరకే ఉంటుంది, అది మీ కాలువ పైభాగంలో వదిలిన 30 సెంటీమీటర్ల ఖాళీలో సర్దుకుంటుంది. రెండు గీతలూ ఒకే మట్టంలో ఉండి ఉంటే కల్వర్టు వెడల్పు చేసినా ఫలితం ఉండేది కాదు, అప్పుడు తప్పు ఇంకా దిగువన ఎక్కడో వెతకాల్సి వచ్చేది.

అందుచేత కల్వర్టు, గెడ్డ పూడిక ఈ ప్రాజెక్టులో భాగం కావాలి. వాటిని తరువాతి సంవత్సరం పనులుగా చూపిస్తే కౌన్సిల్ ఇప్పుడు ఆమోదించేది సగం కాలువనే అవుతుంది. గెడ్డ జలవనరుల శాఖ అధీనంలో ఉంటే వారి అనుమతి ఎంత కాలం పడుతుందో కూడా మీ గడువులో చేర్చుకోవాలి.

కాంక్రీటు పనివాడు

నేను పదిహేనేళ్లుగా కాలువలు కట్టే కాంట్రాక్టులు చేస్తున్నాను. రోజుకు 15 మీటర్లు సెంట్రింగు వేసి కట్టే పనిలో రావు, అది ఏ కాంట్రాక్టరును అడిగినా చెబుతారు. దీనికి ఒకటే దారి ఉంది. కర్మాగారంలో పోసిన పెట్టె కాలువ ముక్కలు తెప్పించండి. తవ్వి, అడుగు సరిచేసి, క్రేనుతో దింపుకుంటూ పోతే రోజుకు 20 మీటర్లు సులువుగా అవుతుంది. క్యూరింగు కోసం ఆగనవసరం లేదు. 45 రోజుల్లో బజారు మొత్తం మూసి రోడ్డు వేసేయవచ్చు. ఖర్చు కూడా తగ్గుతుంది. కౌన్సిల్‌కు ఇదే చెప్పండి.

నాగావళి ఒడ్డు

అయ్యా, మాది శ్రీకాకుళం, నాగావళికి దగ్గరలో మా వీధి. మీరంతా కాలువల గురించి మాట్లాడుతున్నారు కనుక అడుగుతున్నాను. మా ఇంటి ముందు కాలువలో వాన లేకపోయినా నీరు పారుతూనే ఉంటుంది, ఇళ్లలోని స్నానాల గదుల నీరు, కొందరి సెప్టిక్ ట్యాంకుల నీరు కూడా దానిలోకే వదిలారు. ఏరు పొంగినప్పుడు ఆ కాలువలోంచే నీరు వెనక్కి వచ్చి గుమ్మాల దాకా చేరుతుంది. భూగర్భ మురుగునీటి పథకం వస్తే ఈ బాధ పోతుందని అందరూ అంటున్నారు. అది మాకు ఎప్పుడు వస్తుందో ఏఈ గారు చెప్పగలరా? వెనక్కి వచ్చే నీటిని ఆపడానికి ఇనుప తలుపు పెడితే సరిపోతుందని మా వీధిలో ఒకరు చెబుతున్నారు, నిజమేనా?

గెడ్డగట్టు ఏఈ

అన్నగారూ, నాది వేరే జిల్లా, మీ పథకం సంగతి మీ కార్పొరేషన్ ఇంజనీరింగ్ విభాగమే చెప్పగలదు. భూగర్భ మురుగునీటి పథకం, వాననీటి కాలువ రెండూ వేరు పనులు. మొదటిది వచ్చినా ఏరు పొంగినప్పుడు వాననీటి కాలువలోంచి నీరు వెనక్కి రావడం ఆగదు. అయితే మీరు చెప్పిన మొదటి విషయం నాకు పనికొచ్చింది. మా పాత కాలువలోనూ ఏడాది పొడుగునా ఇళ్ల నీరు పారుతోంది. పాతది పగలగొట్టి అదే దారిలో కొత్తది కట్టేటప్పుడు ఆ నీటిని పక్కకు మళ్లించడానికి పైపు, మోటారు పెట్టాలి. అంచనాలో దానికి చాలా తక్కువ మొత్తం రాసి ఉంది.

విశ్రాంత ఈఈ

నాగావళి ఒడ్డు గారూ, మీ వీధివారు చెప్పిన తలుపు మాట సగం సరైనదే. ఏటి నీటి ఒత్తిడికి తనంతట తాను మూసుకునే తలుపు కాలువ చివర పెడితే ఏటి నీరు లోపలికి రాదు. కానీ తలుపు మూసుకున్నంతసేపూ మీ వీధుల్లో పడిన వాన కూడా బయటికి పోదు. దాన్ని తోడిపోయడానికి పంపులు ఉండాలి, కరెంటు పోయినా అవి నడవాలి. తలుపు సందులో కర్రముక్క ఇరుక్కుంటే అది మూసుకోదు. వరద కాలంలో రోజూ చూసే మనిషి లేని చోట దాన్ని నమ్మకూడదు.

కాంక్రీటు పనివాడు గారూ, కర్మాగారం ముక్కల విషయంలో మీరు చెప్పిన వేగం బయలు నేలలో నిజమే. ఏఈ గారి కొలతలకు గోడ, అడుగు, పైకప్పు మందం 20 సెంటీమీటర్లు అనుకుంటే మీటరుకు 1.72 ఘనపు మీటర్ల కాంక్రీటు పడుతుంది. అంటే మీటరు పొడవు ముక్క నాలుగు టన్నులకు పైగా, రెండు మీటర్ల ముక్క ఎనిమిదిన్నర టన్నులకు పైగా బరువు. దాన్ని దించే క్రేను నిలవడానికి, చేయి తిప్పడానికి చోటు కావాలి. బజారు వీధిలో తలమీద కరెంటు తీగలు ఉంటాయి, ఇరుపక్కలా దుకాణాల రేకులు ముందుకు వచ్చి ఉంటాయి. అంతకన్నా పెద్ద చిక్కు పక్క కాలువలది. ప్రతి సందు నుంచి ఒక పిల్ల కాలువ వేర్వేరు మట్టాల్లో వచ్చి కలుస్తుంది. అచ్చులో పోసిన గోడకు తరువాత రంధ్రం కొడితే కడ్డీ తెగుతుంది, అంచు పగులుతుంది. కనుక కింది 400 మీటర్లు, అంటే పొలాల పక్కనుంచి గెడ్డకు పోయే భాగానికి మీ పద్ధతి పరిశీలించదగినది, పై 500 మీటర్లకు అక్కడే పోయడం తప్పదు. ఖర్చు తగ్గుతుందన్నది నేను ఒప్పుకోలేను. అచ్చులు, రవాణా, క్రేను కలిపి చూస్తే ఆ కింది 400 మీటర్లకు అది పెరిగే అవకాశమే ఎక్కువ. తగ్గేది కాలం.

ఇక బజారు భాగంలో అక్కడే పోసే పని వేగం. ఒక 20 మీటర్ల ముక్కను తీసుకోండి. పాత రాతికట్టు పగలగొట్టి, తవ్వి, అడుగున పలుచని కాంక్రీటు వేయడానికి రెండు మూడు రోజులు. అడుగు కడ్డీ కట్టి పోయడానికి రెండు రోజులు. గోడలకు మూడు రోజులు. పైకప్పుకు సెంట్రింగు, కడ్డీ, పోత కలిపి మరో మూడు రోజులు, ఆ తరువాత వారం రోజులు ఊతకర్రలు తీయకూడదు. ముందు ముక్కకు కప్పు వేస్తూ ఉండగా వెనుక ముక్కను తవ్వుతూ గొలుసులా పోతే, ఒక ముఠాతో సగటున రోజుకు ఆరు మీటర్లు వస్తే మంచి పనే. నీటి పైపు ఒకటి తగిలితే ఆ రోజు ఆగిపోయినట్టే. ఆరు మీటర్ల లెక్కన 900 మీటర్లకు 150 రోజులు.

ఇప్పుడు ఆ 150 రోజులను క్యాలెండరులో ఎక్కడ పెట్టాలో చూడండి. మన ఉత్తరాంధ్రలో జూన్‌లో నైరుతి వస్తుంది, అది వెళ్లేలోపే తుఫాన్ల కాలం మొదలవుతుంది. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న వచ్చింది, తిత్లీ 2018 అక్టోబరు 11న వచ్చింది, గులాబ్ 2021 సెప్టెంబరు 26న కళింగపట్నం దగ్గర తీరం దాటింది. నవంబరు వరకు ఆ భయం ఉంటుంది. కాబట్టి బజారు మధ్యలో మనిషి లోతు కందకం తెరిచి పెట్టడానికి నమ్మకమైన కాలం డిసెంబరు నడుమ నుంచి మే చివరి వరకే. అది సుమారు 167 రోజులు. మీకు మిగిలే వెసులుబాటు 17 రోజులు, దానిలో సంక్రాంతికి కూలీలు ఊళ్లకు వెళ్లే వారం కూడా ఉంది.

మీ వివరణలో అన్నిటికన్నా ముఖ్యంగా చెప్పవలసింది ఇదే. ఆగస్టులో తీర్మానం అయితే సాంకేతిక మంజూరు, టెండరు, ఒప్పందం పూర్తయ్యేసరికి మూడున్నర నెలలు పట్టి డిసెంబరు నడుమ పని మొదలవుతుంది. తీర్మానం ఒకటిన్నర నెల వాయిదా పడితే పని ఫిబ్రవరి ఒకటిన మొదలవుతుంది. మే చివరికి 120 రోజులు, 720 మీటర్లు. మిగిలిన 180 మీటర్లు వచ్చే డిసెంబరు దాకా ఆగాలి. పని గెడ్డ వైపు నుంచి పైకి వస్తుంది కనుక ఆ మిగిలేది సరిగ్గా బజారు పల్లం దగ్గర ముక్కే. ఒకటిన్నర నెల ఆలస్యం బజారుకు మరొక వానాకాలం అవుతుంది.

మాజీ కౌన్సిలర్

నేను రెండు పర్యాయాలు వార్డు నుంచి ఎన్నికై కౌన్సిల్‌లో కూర్చున్నదాన్ని. బాబూ, మీ ప్రతిలో మొదటి మాటే సభ్యులకు అందదు. సెకనుకు ఘనపు మీటర్లు అన్నప్పుడు ఎవరూ వ్యతిరేకించరు, ఎవరూ వినరు కూడా. వాళ్లు అడిగేవి వేరు. నా వార్డులో తవ్వకం ఎప్పుడు మొదలవుతుంది, ఎన్నాళ్లు దుకాణాల ముందు కందకం ఉంటుంది, గెడ్డ దగ్గర ఇళ్లే లేనప్పుడు పని అక్కడెందుకు మొదలుపెడుతున్నారు? చివరి ప్రశ్న తప్పకుండా వస్తుంది. బజారు వార్డు సభ్యులు పని తమ దగ్గరే మొదలుకావాలని పట్టుబడతారు, వారి మీద ఒత్తిడి అలాంటిది. దానికి మీరు ఏమంటారో ముందే రాసి పెట్టుకోండి.

డబ్బు సంగతి కూడా చెబుతాను. మా కాలంలో ఒక కాలువకు మొదట ఒక మొత్తం ఆమోదించాం, ఆరు నెలలకు స్తంభాలకని మళ్లీ తెచ్చారు, తరువాత రోడ్డు పూడ్చడానికని మళ్లీ తెచ్చారు. మూడోసారికి సభలో ఎవరూ ఇంజనీరు మాట నమ్మలేదు. అన్నీ కలిపి ఒకే అంకె చెప్పండి. అది పెద్దదైనా ఫరవాలేదు.

ఇంకొక మాట. కాలువ పూర్తయ్యాక పూడిక ఎవరు తీస్తారో, దానికి ఏడాదికి ఎంతవుతుందో మీ ప్రతిలో ఎక్కడా లేదు.

కొత్త ఏఈఈ

అమ్మగారి మాటతో నేను పూర్తిగా ఏకీభవించలేకపోతున్నాను. ఊహించని ఖర్చులకు ఎంత పెట్టుకున్నామో బహిరంగ సభలో చెబితే, ఆ మొత్తం ఉన్నదని కాంట్రాక్టర్లకు తెలిసిపోతుంది, చివరికి అది ఖర్చయ్యే తీరుతుంది. నిర్మాణ వ్యయం మాత్రమే చెప్పి, మిగతావి అవసరమైనప్పుడు కౌన్సిల్‌కు తేవడమే క్రమశిక్షణ అని నా అభిప్రాయం. అలాగే గంటకు 60 మిల్లీమీటర్ల వానకే కట్టడం సరికాదనుకుంటున్నాను. ఈ మధ్య తుఫానుల్లో అంతకన్నా ఎక్కువ పడుతోంది. అయిదేళ్ల వానకు కట్టి ఒకేసారి వదిలించుకోవడం మంచిది కాదా?

విశ్రాంత ఈఈ

రెండో ప్రశ్నకు ముందు చెబుతాను. ఏఈ గారి గెడ్డ ఇప్పుడే 5.2 ఘనపు మీటర్లను తీసుకోలేక వెనక్కి తంతోంది. కాలువను ఇంకా పెద్దది చేస్తే అది గెడ్డ దగ్గరికి నీటిని మరింత తొందరగా చేర్చి అక్కడ నిలబెడుతుంది. ముందు గెడ్డ సామర్థ్యం తేల్చాలి, కాలువ వెడల్పు దాని తరువాత. మీ ఆలోచన తప్పని అనను, ఈ చోటుకు మాత్రం అది ముందుగా ఖర్చుపెట్టవలసిన డబ్బు కాదు.

మొదటి విషయంలో పన్నునూ ఊహించని ఖర్చునూ ఒకే గాటన కట్టకండి. పనుల కాంట్రాక్టు మీద జీఎస్టీ 2022 జులై నుంచి 18 శాతం. అది ఊహించనిది కాదు, కట్టి తీరవలసినది. స్తంభాలు, నీటి పైపులు కంటికి కనిపిస్తూనే ఉన్నాయి. వాటిని చెప్పకపోవడం క్రమశిక్షణ కాదు. నిజంగా తెలియనివి మూడు శాతం దగ్గర ఉంచుకుంటే, దాన్ని సభలో విడిగా చెప్పాలా వద్దా అన్నది మీరూ మాజీ కౌన్సిలర్ గారూ వాదించుకోదగిన విషయమే. నేనైతే చెబుతాను, దాన్ని ఖర్చుపెట్టే ముందు సభకు తెలియజేస్తామన్న మాట కూడా తీర్మానంలో రాయిస్తాను.

కొత్త ఏఈఈ

పన్ను, స్తంభాల విషయం ఒప్పుకుంటున్నాను. మిగిలిన మూడు శాతం గురించి నా అభిప్రాయం మారలేదు. మా దగ్గర అలా ప్రకటించిన మొత్తం ఒక్కసారి కూడా మిగలలేదు.

గెడ్డగట్టు ఏఈ

అందరికీ కృతజ్ఞతలు. మీ మాటల ప్రకారం వ్యయం, గడువు భాగాలను మళ్లీ రాశాను. నీటి లెక్కను అనుబంధంలో పెట్టి, సభలో చదివే ప్రతి ఇలా మొదలవుతుంది.

"అధ్యక్షా, బజారు పల్లంలో నీరు నిలవడానికి రెండు కారణాలు ఉన్నాయి. పాత కాలువ, రావలసిన నీటిలో ఎనిమిదో వంతును మాత్రమే మోయగలదు. రెండోది, గెడ్డ మీది రాతి కల్వర్టు వరద సమయంలో నీటిని 35 సెంటీమీటర్లు ఎత్తుకు నిలబెడుతోంది. మొదటి కారణాన్ని తొలగించి రెండోదాన్ని వదిలేస్తే కొత్త కాలువలో సగం పొడవు పెద్ద వానల్లో సరిగా పారదు. అందువల్ల ఈ రెండు పనులకూ కలిపి ఒకే ఆమోదం కోరుతున్నాం.

మొత్తం వ్యయం 4 కోట్ల 75 లక్షల రూపాయలు. ఇందులో కాలువ నిర్మాణం 3 కోట్ల 24 లక్షలు. దాని మీద జీఎస్టీ 58 లక్షలు, కార్మిక సంక్షేమ సెస్సు 3 లక్షలు. కల్వర్టు వెడల్పు, గెడ్డలో 300 మీటర్ల పూడికతీత పన్నులతో కలిపి 45 లక్షలు. విద్యుత్ స్తంభాలు, నీటి పైపుల తరలింపు, పని జరిగేటప్పుడు ఇళ్ల నీటిని మళ్లించడం కలిపి 35 లక్షలు. ముందుగా తెలియని వాటికి 10 లక్షలు ఉంచాం, ఆ మొత్తాన్ని సభకు తెలియజేయకుండా ఖర్చుచేయం.

ఈ నెలలో తీర్మానమైతే డిసెంబరు నడుమ పని మొదలుపెట్టి మే చివరికి పూర్తిచేయగలం. అక్టోబరులో తీర్మానమైతే పని ఫిబ్రవరిలో మొదలవుతుంది, బజారు దగ్గరి చివరి 180 మీటర్లు ఆపై డిసెంబరు వరకు మిగిలిపోతాయి. పని గెడ్డ వైపు నుంచే మొదలుకావాలి. పైన ముందు తవ్వితే ఆ నీరు పోవడానికి దారి ఉండదు, కందకం చెరువవుతుంది, అడుగున కాంక్రీటు వేయలేం. బజారులో ఏ దుకాణం ముందైనా కందకం మూడు వారాలకు మించి తెరిచి ఉండకుండా ముక్కలుగా పని చేయిస్తాం, నడవడానికి ఇనుప రేకుల వంతెన వేయిస్తాం."

మాజీ కౌన్సిలర్ గారు అడిగిన పూడిక లెక్క కూడా వేశాను. అడుగున 30 సెంటీమీటర్ల పూడిక చేరితే 5.2 ఘనపు మీటర్ల కాలువ 3.8కి పడిపోతుంది, అంటే పావువంతుకు పైగా పోతుంది. దాన్ని ఒక వాక్యంగా చేర్చి, మే నెల పూడికతీతకు ఏటా బడ్జెట్‌లో పద్దు పెట్టాలని కోరుతున్నాను.

మాజీ కౌన్సిలర్

ఇప్పుడు వింటారు. మూడు వారాల మాట మాత్రం మీరు నిలబెట్టుకోగలిగితేనే చదవండి. సభ ముగిసిన మరునాడు దుకాణాలవారు తేదీ రాసిపెట్టుకుంటారు. అలాగే ఈ కాలువ వచ్చాక బజారులో ఎప్పుడూ నీరు నిలవదని ఎవరైనా సభ్యులు అనుకుంటే అక్కడికక్కడే సరిచేయండి. గంటకు 60 మించి పడితే కాసేపు నిలుస్తుందని మీ నోటితోనే చెప్పండి.

కాంక్రీటు పనివాడు

మూడు వారాలు కష్టం కాదు, సెంట్రింగు సామాను మూడు ముక్కలకు సరిపడా ఉండాలని టెండరు షరతుల్లో రాయండి. ఒక్క జత పలకలతో వచ్చే కాంట్రాక్టరుకు నెలన్నర పడుతుంది. కింది 400 మీటర్లకు కర్మాగారం ముక్కల సంగతి ఏం చేశారు? రోజుకు 12 మీటర్లు వచ్చినా నెల రోజులు మిగులుతాయి కదా.

గెడ్డగట్టు ఏఈ

సామాను షరతు చేరుస్తాను. ముక్కల పద్ధతికి మా ధరల పట్టికలో ధర లేదు, విడిగా ధర విశ్లేషణ తయారుచేసి పై అధికారుల ఆమోదం తీసుకోవాలి. ఆ ఆమోదానికి పట్టే కాలం, దానివల్ల మిగిలే నెలను తినేస్తుందేమోనని సందేహం. సాంకేతిక మంజూరుకు పంపేటప్పుడు రెండు పద్ధతుల అంచనాలూ జతచేసి అడుగుదామనుకుంటున్నాను.

విశ్రాంత ఈఈ

అలాగే చేయండి. జలవనరుల శాఖకు కల్వర్టు అనుమతి లేఖ మాత్రం తీర్మానం కోసం ఆగకుండా ఈ వారమే పంపండి, రెండు గీతల కొలతలు, ఫొటోలు జతచేయండి. వారి అనుమతి డిసెంబరు లోపల రాకపోతే కాలువ పని మొదలుపెట్టాలా, ఆగాలా అనే ప్రశ్న సభలో వస్తుంది. ఆ కల్వర్టు లేకుండా మొదలుపెట్టవచ్చనే నేను అంటాను, ఎందుకంటే పొడి కాలం మళ్లీ దొరకదు, కల్వర్టు పనిని మార్చిలోనైనా చేయవచ్చు. కానీ ఆ సంగతి మీ ఈఈ గారు తేల్చాలి.

కొత్త ఏఈఈ

అనుమతి రాకపోతే 45 లక్షల పని ఆగి, 900 మీటర్ల కాలువ మాత్రం పూర్తయి కూర్చుంటుంది. నేనైతే అనుమతి చేతికి వచ్చాకే ఒప్పందం మీద సంతకం చేయిస్తాను. ఏఈ గారూ, మీ ఈఈ గారు ఏమన్నారో సమావేశం తరువాత ఇక్కడ రాయండి.